బూటు విప్పగానే తగ్గే మంట: మూడో, నాలుగో వేళ్ల మధ్య నలిగిన నరం, ఒక కేస్ స్టడీ

ఆవిడ నా గదిలోకి ఒక బూటు చేతిలో పట్టుకుని వచ్చారు. బయట తన వంతు కోసం కూర్చున్నంతసేపూ కుడి పాదాన్ని ఎడమ మోకాలి మీద పెట్టుకుని, వేళ్ల మధ్య బొటనవేలితో రుద్దుకుంటూనే ఉన్నారట. పాదాల నొప్పులు చూసే డాక్టర్లం ఇలాంటిది కంటబడితే సగం రోగం అక్కడే తెలిసిపోయిందనుకుంటాం. నడుస్తూ నడుస్తూ ఆగి, బూటు విప్పి, వేళ్లు రుద్దుకుని, మళ్లీ తొడుక్కుని నడిచే అలవాటు చాలా తక్కువ జబ్బుల్లో కనిపిస్తుంది.

వయసు 47. ఒక ఆఫీసు ముందు గదిలో వచ్చేపోయేవాళ్లను చూసుకునే ఉద్యోగం. రోజుకు ఏడెనిమిది గంటలు నిలబడాలి, లేదా అటూ ఇటూ తిరగాలి. యూనిఫామ్‌తో పాటు నల్లటి షూస్ వేసుకోవాలి, ముందు భాగం కోసుగా, మడమ కింద రెండంగుళాలకు పైగా ఎత్తుగా ఉండేవి. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చివరిసారి 7.2.

నొప్పి మొదలై 14 నెలలు. మొదట్లో అది నొప్పి కూడా కాదు. "సాక్స్ ముడత పడి అరికాలి కింద ఇరుక్కున్నట్టు ఉండేది డాక్టర్ గారూ. విప్పి చూస్తే ముడతేమీ ఉండేది కాదు. చెప్పులో గులకరాయి ఉందేమోనని దులిపేదాన్ని" అన్నారు. రెండు మూడు నెలలకు అది మంటగా మారింది. పదిహేను నిమిషాలు నడిస్తే చాలు, ముంగాలి కింద మొదలై నడిమి వేలికీ, దాని పక్క వేలికీ పాకుతుంది. ఒక్కోసారి కరెంట్ కొట్టినట్టు వేళ్ల చివరిదాకా జివ్వున లాగుతుంది. ఆ తర్వాత ఆ రెండు వేళ్లు కాసేపు మొద్దుబారిపోతాయి.

ఇంతకుముందు ఆవిడ వేరేచోట చూపించుకున్నారు. షుగర్ ఉంది, పాదంలో మంట ఉంది, కాబట్టి షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నారు. నరాల మంటకు ఇచ్చే ప్రెగాబాలిన్ 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, దాంతో పాటు విటమిన్ మాత్రలు రాశారు. ఆరు నెలలు వాడారు. పగటిపూట మత్తుగా, తూలినట్టుగా ఉంటోంది, బరువు కూడా పెరిగారు. మంట మాత్రం అలాగే ఉంది. "నరాలు పోయాయంటే ఇంక అంతేనా?" అన్నది ఆవిడ అసలు భయం. వచ్చింది మంట తగ్గించుకోవడానికి కాదు, ఆ ప్రశ్నకు జవాబు కోసం.

ఆ డాక్టర్ని నేను తప్పుపట్టను. షుగర్ ఉన్న మనిషి పాదంలో మంట అంటే ముందు తట్టేది అదే, చాలాసార్లు నిజమయ్యేదీ అదే. కానీ నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే దారి మారేది.

మంట రెండు పాదాల్లోనా, ఒకదాంట్లోనా? ఆవిడకు కుడి పాదంలోనే. షుగర్ వల్ల వచ్చే నరాల దెబ్బ దాదాపు ఎప్పుడూ రెండు పాదాల్లోనూ సమానంగా వస్తుంది. వేళ్ల కొసల దగ్గర మొదలై, సాక్స్ తొడిగినట్టు మెల్లగా పైకి పాకుతుంది. పాదమంతా మండుతోందా, ఒకచోటేనా? ఆవిడ చూపుడు వేలు పెట్టి చూపించారు, మూడో, నాలుగో వేళ్ల సందు. అరచేత్తో పాదమంతా తడిమి చూపించలేదు. చేతి వేలితో చూపించే నొప్పికీ, అరచేత్తో చూపించే నొప్పికీ ఉన్న తేడాను నేను చాలా నమ్ముతాను. రాత్రి పడుకున్నాక ఎలా ఉంటుంది? హాయిగా ఉంటుంది. షుగర్ నరాల మంటైతే రాత్రిపూటే ఎక్కువగా సతాయిస్తుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంటారు. బూటు విప్పితే? ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇంట్లో వట్టి కాళ్లతో గంటసేపు తిరిగినా ఏమీ ఉండదు. దెబ్బతిన్న నరానికి బూటు ఉందో లేదో తెలియదు. నలుగుతున్న నరానికి తెలుస్తుంది.

నలగడం అంటే ఏమిటో ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఆవిడకు కాగితం మీద గీసి చూపించింది ఇదే. పాదం ముందు భాగంలో ఐదు పొడుగాటి ఎముకలు పక్కపక్కనే ఉంటాయి, వాటిని మెటాటార్సల్స్ అంటాం. ముంగాళ్ల మీద లేచి నిలబడితే నేలకు ఆనేవి వాటి తలలే. ఆ తలలు విడిపోకుండా ఒకదాన్నొకటి పట్టి ఉంచే గట్టి పట్టీ ఒకటి అడ్డంగా ఉంటుంది, అది లిగమెంట్. వేళ్లకు స్పర్శనిచ్చే నరం అరికాలి వైపు నుంచి వచ్చి, రెండు ఎముకల తలల మధ్య నుంచి, ఈ పట్టీ కింద నుంచి దూరి, వేళ్ల సందు దగ్గర రెండుగా చీలుతుంది. ఒక పాయ మూడో వేలి పక్కకు, ఇంకోటి నాలుగో వేలి పక్కకు పోతుంది. అందుకే మంట ఎప్పుడూ ఆ రెండు వేళ్లకు ఎదురెదురుగా ఉండే వైపులకే వస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రోగిని నిలదీసి అడిగితే చాలామంది సరిగ్గా అలాగే చెప్తారు.

ఇప్పుడు మడమ ఎత్తుగా ఉన్న షూ వేసుకుని నడుస్తున్నట్టు ఊహించుకోండి. మడమ లేచి ఉంటుంది, వేళ్లు పైకి వంగి ఉంటాయి, ఒంటి బరువంతా ముంగాలి మీద ఉంటుంది. వేళ్లు పైకి వంగినప్పుడల్లా నరం ఆ పట్టీ అంచు మీద తాడు గిలకను ఒరుసుకున్నట్టు ఒరుసుకుంటుంది. అదే సమయంలో కోసుగా ఉన్న షూ రెండు పక్కల నుంచీ ఎముకల తలల్ని దగ్గరికి నొక్కుతుంది. అంటే కింద సాగుడు, పక్కల నుంచి నొక్కుడు. ఎముకల మధ్య పట్టీకి పైన బర్సా అనే చిన్న నీటి తిత్తి ఉంటుంది, అది వాస్తే ఉన్న కాస్త చోటు కూడా తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే నరం చుట్టూ ఉన్న పొర గట్టిపడి, నారలా మందమై, ఆ చోట నరం ఉబ్బినట్టవుతుంది. దీన్నే మార్టన్స్ న్యూరోమా అంటారు.

ఆ పేరు విని ఆవిడ ముఖం పాలిపోయింది. "ఓమా అంటే గడ్డే కదా డాక్టర్ గారూ?" అన్నారు. నిజానికి ఇది కణితి కాదు. క్యాన్సర్‌తో ఏ సంబంధమూ లేదు. మైక్రోస్కోప్‌లో చూస్తే కొత్తగా పెరిగిన నరమేమీ ఉండదు, ఉన్న నరం చుట్టూ మచ్చలాంటి గట్టి పొర ఉంటుంది, అంతే. పేరే తప్పు. ఈ జబ్బుకు తన పేరు పెట్టించుకున్న థామస్ మార్టన్ ఫిలడెల్ఫియా సర్జన్. 1876లో దీని గురించి రాసినప్పుడు తప్పు నాలుగో వేలి కీలులో ఉందనుకున్నాడు. అంతకు ముందే, 1845లో డర్లాకర్ అనే ఇంగ్లండ్ పాదవైద్యుడు ఇది నరానికి సంబంధించిందని రాశాడు, 1835లో చివినీని అనే ఇటలీ అనాటమిస్ట్ ఆ ఉబ్బుని శవ పరీక్షలో చూసి రాశాడు. పేరు మాత్రం పొరపాటుపడిన వాడికి దక్కింది.

మూడో సందే ఎందుకు? అరికాలిలో లోపలి నుంచి ఒక నరం, బయటి నుంచి ఒక నరం వస్తాయి. చాలామందిలో ఈ రెండింటి పాయలు సరిగ్గా మూడో సందులో కలుస్తాయి, కాబట్టి అక్కడ నరం కాస్త లావుగా, కదలకుండా కట్టేసినట్టు ఉంటుందని పాత వివరణ. అందరిలో ఈ కలయిక ఉండదు, అయినా జబ్బు వస్తుంది, కాబట్టి ఇదొక్కటే కారణమని నేననను. నాకు ఇంకొంచెం నచ్చే కారణం, నాలుగో ఎముక మూడోదాని కన్నా ఎక్కువ కదులుతుంది, వాటి మధ్య ఉన్న నరం రాపిడికి లోనవుతుంది. రెండో సందులో కూడా వస్తుంది, కాకపోతే తక్కువ. మొదటి సందులోనో, నాలుగో సందులోనో అని ఎవరైనా అంటే నేను వేరే జబ్బు కోసం వెతుకుతాను.

పరీక్షకు వద్దాం. నిలబెట్టి ముందు నుంచి చూస్తే కుడి పాదంలో మూడో, నాలుగో వేళ్ల మధ్య ఎడం ఎడమ పాదం కన్నా కొద్దిగా ఎక్కువగా ఉంది. వాపు లేదు, ఎరుపు లేదు. ముందు నేను ఎముకల తలల్ని ఒక్కొక్కటిగా కింది నుంచి బొటనవేలితో నొక్కాను, ఎక్కడా నొప్పి లేదు. ఎముక మీద నొక్కితే నొప్పి వస్తే కీలు వాపో, కీలు కింది గట్టి పొర చిరగడమో అనుమానించాలి, అది ఎక్కువగా రెండో వేలి దగ్గర వస్తుంది. ఎముక పై భాగం పొడుగునా నొక్కితే కలుక్కుమంటే సన్నటి పగులు అనుకోవాలి. ఇవేవీ లేవు. ఆ తర్వాత ఎముకల మీద కాకుండా ఎముకల మధ్య నొక్కాను, పైన చూపుడు వేలు, కింద బొటనవేలు పెట్టి. మొదటి సందు, రెండో సందు మామూలే. మూడో సందులో నొక్కగానే ఆవిడ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని "అదే, సరిగ్గా అదే" అన్నారు.

ఆ మాట నాకు చాలా ముఖ్యం. గట్టిగా నొక్కితే ఎవరికైనా పాదం నొప్పి పెడుతుంది. అందుకే నేనెప్పుడూ "నొప్పిగా ఉందా?" అని అడగను, "మీకు నడిచేటప్పుడు వచ్చేది ఇదేనా?" అని అడుగుతాను.

ముల్డర్ పరీక్ష కూడా చేశాను. ఒక చేత్తో పాదం ముందు భాగాన్ని రెండు పక్కల నుంచీ పిండుతూ, ఇంకో చేతి బొటనవేలితో సందుని కింది నుంచి పైకి తోశాను. వేలి కింద 'టక్'మని ఏదో జారినట్టు తెలిసింది, దాంతో పాటు జివ్వుమని రెండు వేళ్లలోకీ పాకిందన్నారు. 1951లో ముల్డర్ రాసినదీ ఇదే. కానీ ఆ శబ్దం ఒక్కటే వచ్చి నొప్పి లేకపోతే దానికి విలువ లేదు. ఏ జబ్బూ లేనివాళ్ల పాదాల్లోనూ టక్‌మంటుంది. కావాలంటే మీ పాదం పిండి చూసుకోండి, టక్‌మంటే మాత్రం కంగారు పడకండి.

షుగర్ సంగతి తేల్చాలి కదా. పది గ్రాముల ఒత్తిడితో వంగే నైలాన్ పోగుతో రెండు అరికాళ్లలో తాకి చూశాను, అన్ని చోట్లా తెలిసింది. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ వేళ్ల మీద పెడితే అదురు బాగా తెలిసింది. మడమ వెనక స్నాయువు మీద సుత్తితో తడితే పాదం మామూలుగానే ఎగిరింది. లోపలి చీలమండ వెనక నరం మీద తట్టితే ఏమీ పాకలేదు, నడుము నుంచి వచ్చే నరం లక్షణాలూ లేవు. దూది పీచుతో తాకితే మూడో, నాలుగో వేళ్ల ఎదురెదురు వైపుల్లో మాత్రమే స్పర్శ మందగించింది. పాదంలో రక్తప్రసారం బాగుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది, అదీ మంటకు కారణం కావచ్చు. చూపిస్తే 310 వచ్చింది, సరిపోతుంది. అంటే నరాలు పోలేదు. ఒక్క నరం, ఒక్క చోట నలుగుతోంది. ఆ మాట చెప్పాక ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ తర్వాత చేసింది నేను ప్రతి ఇలాంటి కేసులోనూ చేస్తాను, ఖర్చు లేని పని. నేల మీద తెల్ల కాగితం పెట్టి, దాని మీద పాదం మోపి నిలబడమన్నాను. పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీశాను. ఆ గీత మీద ఆవిడ చేతిలోని షూని పెట్టాను. పాదం ముందు భాగం వెడల్పు 97 మిల్లీమీటర్లు. షూ అడుగు అదే చోట 78. రెండు పక్కలా పాదం షూ దాటి బయటికి కనిపిస్తోంది, పడవ మీద పడుకున్న మనిషి చేతులు రెండు పక్కలా వేలాడేసినట్టు. తోలు కాస్త సాగుతుంది కాబట్టి ఆ లెక్క అచ్చంగా అలాగే ఉండదు. అయినా రోజుకు ఎనిమిది గంటలు ఎముకల తలల్ని ఎంత దగ్గరికి నొక్కుతోందో ఆ బొమ్మ చూస్తే అర్థమవుతుంది. ఆవిడ ఆ కాగితం ఫోటో తీసుకున్నారు. షూ మార్చడానికి ఆఫీసులో పర్మిషన్ కావాలి, దానికి నా ఉత్తరం కన్నా ఆ ఫోటోనే ఎక్కువ పనికొచ్చిందని తర్వాత చెప్పారు.

స్కాన్ తప్పనిసరి కాదు. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు నేను స్కాన్ లేకుండానే మొదలుపెడతాను. కానీ షుగర్ వల్ల నరాలు పోయాయనే అనుమానం ఆవిడ మనసులోంచి పూర్తిగా పోవాలనిపించింది, అందుకని నిలబెట్టి తీసిన ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ రాశాను. ఎక్స్‌రే మామూలుగా ఉంది. నరం ఎక్స్‌రేలో కనిపించదు, అది తీసేది ఎముక జబ్బు లేదని తేల్చుకోవడానికే. అల్ట్రాసౌండ్‌లో కుడి మూడో సందులో 7 మిల్లీమీటర్ల నల్లటి మచ్చ కనిపించింది. ఎడమ పాదంలో అదే చోట 4 మిల్లీమీటర్లది ఉందని కూడా రిపోర్టులో రాసుంది. ఆవిడ దాన్ని పట్టుకుని "ఎడమకాలికీ వచ్చేసిందా?" అని ఫోన్ చేశారు. రాలేదు. నొప్పి ఏమాత్రం లేని పాదాల్లో కూడా స్కాన్‌లో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. సాధారణంగా 5 మిల్లీమీటర్లు దాటినవే బాధపెడతాయంటారు గానీ, అదీ గట్టి గీత కాదు. రోగి చెప్పిందీ, నా వేలికి దొరికిందీ, స్కాన్‌లో కనిపించిందీ మూడూ ఒకే చోట కలిస్తేనే నేను దాన్ని లెక్కలోకి తీసుకుంటాను. స్కాన్‌లో ఉందని నొప్పిలేని పాదానికి వైద్యం చేయడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

వైద్యం మొదట షూతోనే. ముందు భాగం వెడల్పుగా, గుండ్రంగా ఉండి, లేసులు ఉండేది, మడమ ఎత్తు ఒక అంగుళానికి మించనిది వేసుకోమన్నాను. లేసులు ఎందుకంటే, అవి పాదాన్ని మడమ వైపు వెనక్కి పట్టి ఉంచుతాయి, లేకపోతే నడిచేటప్పుడు పాదం ముందుకు జారి మళ్లీ కొసలో ఇరుక్కుంటుంది. కొనేటప్పుడు లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడి చూడాలి, పాదం ఏ పక్కకూ దాన్ని దాటకూడదు. సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పిక్క కండరం బిగుతుగా ఉందని కూడా గమనించాను, మోకాలు నిటారుగా పెట్టి పాదాన్ని పైకి వంచితే వంగడం లేదు. అలాంటప్పుడు నడకలో మడమ తొందరగా లేచి ముంగాలి మీద బరువు ఎక్కువసేపు ఉంటుంది. గోడకు చేతులు ఆనించి పిక్క సాగదీసే వ్యాయామం, ఒక్కోసారి అర నిమిషం చొప్పున, రోజుకు రెండుపూటలా చెప్పాను.

రెండోది మెటాటార్సల్ ప్యాడ్. ఇక్కడే నేను తప్పు చేశాను. కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే చిన్న మెత్త ఇది. ఇన్‌సోల్ మీద అంటించుకుంటే కింది నుంచి ఎముకలను కాస్త పైకి లేపి, తలలు విచ్చుకునేలా చేస్తుంది, నరానికి చోటిస్తుంది. అందుకని అది తలల కింద కాదు, తలలకు వెనక, మడమ వైపు ఉండాలి. ఈ మాట నేను ఆవిడకు నోటితో చెప్పాను, ఆవిడ తలూపారు, ఇద్దరం అర్థమైందనుకున్నాం. రెండు వారాల తర్వాత వచ్చినప్పుడు మంట పెరిగింది. షూ తెరిచి చూస్తే ప్యాడ్ సరిగ్గా నొప్పి ఉన్న చోటనే ఉంది. ఎవరికైనా అదే తోస్తుంది కదా, నొప్పి ఉన్న చోట మెత్త పెడతాం. నరం కింద మెత్త పెడితే, ఇరుకులో ఉన్నదాన్ని కింది నుంచి ఇంకా నొక్కినట్టే.

ఈసారి చేతితో చేసి చూపించాను. మొదట ఆవిడ పాదం అడుగున ఎముకల తలలు ఎక్కడున్నాయో తడిమి, ఆ వరస మీద లిప్‌స్టిక్ రాశాను. షూలో పాదం పెట్టి నిలబడి, రెండడుగులు వేయమన్నాను. తీశాక ఇన్‌సోల్ మీద ఎర్రటి అచ్చు పడింది. ప్యాడ్ ముందు అంచు ఆ అచ్చుకు వెనక, దాదాపు సెంటీమీటరు దూరంలో ఉండేలా అంటించాం. సరిగ్గా ఉంటే మొదటి రెండు రోజులు 'పాదం మధ్యలో ఏదో ముద్ద ఉన్నట్టు' అనిపిస్తుంది, తర్వాత మర్చిపోతారు. ముందుకు జరిగితే నొప్పి పెరుగుతుంది, మరీ వెనక్కి జరిగితే అసలు తేడా తెలియదు. కొందరికి మిల్లీమీటర్లలో సర్దాల్సి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త, రోజూ పడుకునే ముందు అరికాలు చూసుకోవాలి. ప్యాడ్ చోట ఎర్రగా అయి అరగంటకీ పోకపోతే తీసేయాలి. ఈవిడకు స్పర్శ బాగుంది కాబట్టి ఇచ్చాను, లేకపోతే ఇచ్చేవాణ్ని కాదు.

ప్రెగాబాలిన్ గురించి ఆవిడ షుగర్ డాక్టర్‌కు రాశాను. ఆయన ఒప్పుకున్నాక కొద్దికొద్దిగా తగ్గిస్తూ రెండు వారాల్లో ఆపేశాం. ఇది ఒక్కసారిగా మానేసే మందు కాదు. మత్తు పోయింది, మంటలో తేడా రాలేదు. అంటే అది దీని మీద పనిచేయడం లేదని కూడా తెలిసింది.

ఎనిమిది వారాలకు లెక్క చూస్తే, పదికి ఏడు ఉన్న మంట నాలుగుకు దిగింది. పదిహేను నిమిషాల నడక కాస్తా ముప్పావు గంట అయింది. బాగుపడ్డారు గానీ, రోజు చివర్లో ఇంకా ఆగి బూటు విప్పాల్సి వస్తోంది. అప్పుడు ఇంజెక్షన్ గురించి మాట్లాడుకున్నాం.

40 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, దాంతో పాటు కొద్దిగా మత్తుమందు. ఇంజెక్షన్ అరికాలి వైపు నుంచి ఇవ్వం, అక్కడ చర్మం మందం, నొప్పి ఎక్కువ. పాదం పైనుంచి, మూడో, నాలుగో ఎముకల తలల మధ్య నుంచి, అల్ట్రాసౌండ్‌లో సూది మొన చూసుకుంటూ ఆ పట్టీ దాటించి నరం పక్కన వదిలాను. నరంలోకి కాదు, పక్కన. పావుగంట తర్వాత ఒక పని చేయమన్నాను. బ్యాగులో ఉన్న ఆ పాత కోసు షూస్ తొడుక్కుని వరండాలో పది నిమిషాలు నడిచి రమ్మన్నాను. నవ్వుతూ వచ్చారు, మంట లేదు. ఆ కాసేపు పనిచేసింది స్టెరాయిడ్ కాదు, మత్తుమందు. ఆ ఒక్క చోట మొద్దుబరిస్తే పాత నొప్పి మొత్తం పోయిందంటే నొప్పి అక్కడి నుంచే వస్తోందన్నమాట. స్టెరాయిడ్ పని మొదలవడానికి కొన్ని రోజులు పడుతుంది, మధ్యలో ఒకటి రెండు రోజులు నొప్పి పెరగొచ్చు కూడా.

షుగర్ పెరుగుతుందని ముందే చెప్పాను, రోజూ ఇంట్లో చూసుకోమన్నాను. మూడో రోజు పరగడుపున 190 చూపించింది. ఆరో రోజుకు మామూలైంది. చెప్పకుండా ఇస్తే ఆ 190 చూసి ఆవిడ ఎంత టెన్షన్ పడేవారో ఊహించగలను.

ఈ ఇంజెక్షన్ మీద నాకు గౌరవం ఉంది, మోజు లేదు. కొందరికి కొన్ని నెలలు బాగుండి మళ్లీ మొదలవుతుంది. మళ్లీ మళ్లీ ఇస్తే అరికాలి కింద సహజంగా ఉండే కొవ్వు మెత్త పలచబడుతుంది, చర్మం తెల్లబారుతుంది, పక్క కీలు పొర దెబ్బతిని వేలు పక్కకు వంకర తిరగొచ్చు. అందుకని నేను రెండు, మహా అయితే మూడు, అదీ నెలల ఎడంతో, ఆ తర్వాత ఆపేస్తాను. షూ మార్చకుండా ఇంజెక్షన్ ఒక్కటే అడిగేవాళ్లకు అసలు ఇవ్వను.

ఆపరేషన్ గురించి ఆవిడే అడిగారు, "తీసేస్తే పోతుంది కదా?" అని. తీసేసేది ఆ నరాన్నే. పాదం పైనుంచి చిన్న కోత పెట్టి, పట్టీ కోసి, ఉబ్బిన నరాన్ని వెనక దాకా తీసేస్తారు, కోసిన కొస బరువు పడని చోట కండరంలోకి వెళ్లేలా. ఎక్కువమందికి బాగానే తగ్గుతుంది. కానీ ఆ రెండు వేళ్ల ఎదురెదురు వైపులు శాశ్వతంగా మొద్దుబారతాయి. కొద్దిమందికి కోసిన కొసలో నిజమైన న్యూరోమా పెరిగి, మొదటిదాని కన్నా మొండిగా బాధపెడుతుంది. షుగర్ ఉన్న పాదంలో కావాలని స్పర్శ తీసేయడం నాకు ఆఖరి దారి. కొందరు నరాన్ని వదిలేసి పట్టీ మాత్రం కోస్తారు. ఈవిడకు ఏదీ అవసరం పడలేదు.

ఇంజెక్షన్ తర్వాత ఆరు వారాలకు మంట ఒకటికి దిగింది. తొమ్మిది నెలలకు చూస్తే అంతే ఉంది. మధ్యలో ఒకసారి ఏదో ఫంక్షన్‌కి పాత షూస్ వేసుకుని గంటలోపే విప్పేసి చేత్తో పట్టుకుని తిరిగారట. దూదితో తాకితే మందగించిన స్పర్శ దాదాపు తిరిగొచ్చింది, పూర్తిగా కాదు. ఎవరికైనా ఇలాంటి మంట ఉండి, దాంతో పాటు రెండు పాదాలూ మండుతుంటే, రాత్రి నిద్రలో లేపుతుంటే, ఒక వేలు వాచి ఎర్రబడితే, పాదంలో పుండు ఉంటే, నేను ఈ కేసులో నడిచిన దారిలో నడవను, ముందు వాటి సంగతే చూస్తాను.

చివరిసారి వచ్చినప్పుడు మళ్లీ స్కాన్ తీయిద్దామా, ఆ ఏడు మిల్లీమీటర్లు కరిగిందో లేదో చూద్దామా అని అడిగారు. వద్దన్నాను. అది కరగడం చాలా అరుదు, బహుశా ఇంకా ఏడే ఉండి ఉంటుంది, ఇప్పుడు దాని చుట్టూ చోటుంది అంతే. "మరి ఎడమకాలిది?" అన్నారు. దాన్ని కూడా అలాగే ఉండనివ్వమన్నాను.